ఒడియా గ్రామ పటం ఫోటో వచ్చింది, చదవడం ఎలా? కెమెరా యాప్, భూలేఖ్, చదివిపెట్టే మనిషి, అమీన్: ఎవరికి ఏది సరిపోతుంది

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు స్థలం కొనాలనుకునే తెలుగువాళ్లకు ముందుగా చేతికొచ్చేది వాట్సాప్‌లో ఒక ఫోటో. మడతలు పడిన గ్రామ పటం, దాని మీద ఒడియా అక్షరాలు, చీమల బారులా ప్లాట్ నంబర్లు, అమ్మేవాళ్లు పెన్నుతో చుట్టిన ఒక గుండ్రం. ఈ ప్రాంతంలో ఒడియా మాట్లాడే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, చదవగలిగేవాళ్లు తక్కువ. ఇక సరిహద్దు దాటి పాతపట్నం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చేవాళ్లకు రెండూ కష్టమే. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి కొన్ని ఇళ్లలో తాతల నాటి తెలుగు కాగితాలు ఇంకా ఉన్నాయి గానీ, ఇప్పుడు చెల్లే రికార్డు ఒడియాలోనే ఉంటుంది.

ఆ ఫోటోను తెలుగులోకి తెచ్చుకోవడానికి నాలుగు దారులున్నాయి: ఫోన్ కెమెరా అనువాద యాప్, ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్, ఒడియా చదివిన బంధువో స్నేహితుడో, భూమి కొలిచే అమీన్. ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. ముందు దేన్ని బట్టి తూచాలో చూద్దాం.

తూచాల్సినవి మూడు: అంకె, మాట, చోటు

మొదటిది అంకె. పటం మీద అసలు విలువంతా ప్లాట్ నంబరులోనే ఉంటుంది. అది ఒక్క అంకె తప్పితే మిగతా అనువాదం ఎంత బాగున్నా పనికిరాదు. పాత పటాల్లోనూ పట్టాల్లోనూ ఒడియా అంకెలే కనిపిస్తాయి. వాటిలో నాలుగు అంకె చూడటానికి అచ్చం ఇంగ్లీషు 8లా ఉంటుంది. ఒడియా సున్నాకీ, 'ఠ' అక్షరానికీ తేడా పట్టడం కష్టం, రెండూ గుండ్రాలే. కాబట్టి ఫోటోలో 88లా కనిపించేది నిజానికి 44 కావచ్చు.

రెండోది మాట. పటం మీదా పట్టాలోనూ ఉండేవి నిఘంటువు మాటలు కావు, రెవెన్యూ మాటలు. భూమి రకాన్ని అక్కడ 'కిసమ్' అంటారు. 'శారద' అంటే వానాకాలం వరి పండే భూమి. 'గోచర' అంటే పశువులు మేసే ప్రభుత్వ బీడు. 'ఘరబారి' అంటే ఇల్లు కట్టుకునే నివాస స్థలం. 'రక్షిత' అంటే ప్రభుత్వం ఒక అవసరానికి పక్కన పెట్టిన భూమి. తెలుగు చెవికి శారద, రక్షిత అమ్మాయిల పేర్లలా వినిపిస్తాయి. 'గోచర' అంటే కనిపించేది అనుకుంటాం. యంత్రమూ ఇలాగే పడుతుంది. రోడ్డు పక్కన కాలువలా ఉండే పల్లానికి 'నయనజోడి' అనే కిసమ్ ఉంది. విడగొట్టి అనువదిస్తే అందులోంచి కళ్లు ఊడిపడతాయి.

మూడోది చోటు. ఏ మాట ఏ గీత లోపల ఉందన్నది కూడా అనువాదంలో భాగమే. పాత గ్రామ పటాలు చాలావాటికి స్కేలు 16 అంగుళాలకు ఒక మైలు. అంటే పటం మీద అంగుళం నేల మీద 330 అడుగులు, ఒక చదరపు అంగుళం సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఈ లెక్కన నాలుగు సెంట్ల ఇంటి స్థలం పటం మీద అటూ ఇటూ మూడు మిల్లీమీటర్ల చుక్క. అంత చుక్కలో మూడంకెల నంబరు పట్టదు, కాబట్టి అది పక్క ప్లాట్‌లోకి జరిగిపోయి ఉంటుంది. ఫోటో కాస్త వంకరగా తీస్తే ఆ నంబరు ఎవరిదో చెప్పడం ఇంకా కష్టం.

ఈ మూడింటితో నాలుగు దారులనూ పక్కపక్కన పెడితే ఇలా కనిపిస్తాయి:

| దారి | అంకె | మాట | చోటు | ఖర్చు, సమయం |
|---|---|---|---|---|
| కెమెరా యాప్ | అచ్చు అంకెలైతే ఫర్వాలేదు, చేతిరాతలో నమ్మలేం | రెవెన్యూ మాటల్లో తరచూ తప్పు | పటాన్ని కప్పేస్తుంది | ఉచితం, నిమిషాలు |
| భూలేఖ్ | నమ్మదగినది, నంబరు మీ దగ్గర ఉంటేనే | రికార్డులో ఉన్న అసలు మాట దొరుకుతుంది, అర్థం మీరే తెలుసుకోవాలి | పట్టాలో హద్దులు మాటల్లో ఉంటాయి | ఉచితం, ఒక గంట |
| ఒడియా చదివిన మనిషి | బాగా చదువుతారు | ఊరిలో భూమి పనులు తెలిసినవాళ్లైతేనే | పర్వాలేదు | ఒక టీ |
| అమీన్ | బాగా చదువుతారు | బాగా తెలుసు | నేల మీదే చూపిస్తారు | డబ్బు, రోజులు |

కెమెరా యాప్: ఏ కాగితమో తెలుసుకోవడానికి

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020లో చేరింది. అప్పటి నుంచి అందరూ ముందుగా చేసేది పటం మీద ఫోన్ పెట్టడమే. చేయొద్దని అనను. వచ్చిన ఫోటో గ్రామ పటమా, పట్టానా, పన్ను రసీదా, లేక వేరే ఊరి కాగితమా అన్నది తెలుసుకోవడానికి ఇది చాలు. శీర్షికలో ఉండే మౌజా, అంటే రెవెన్యూ గ్రామం పేరు, తహసీల్, జిల్లా ఇలా బయటపడతాయి.

అంతకుమించి అడిగితే ఇబ్బంది మొదలవుతుంది. యాప్ తెలుగు మాటను ఒడియా అక్షరాల మీదే అతికిస్తుంది. పైన చెప్పిన స్కేలులో ఒక తెలుగు మాట అతికితే దాని కింద పది ప్లాట్లు మాయమవుతాయి. పటంలో అక్షరాలు అడ్డంగా, నిలువుగా, వాగు వెంట వంకరగా కూడా ఉంటాయి. వాటిని ముక్కలు ముక్కలుగా తీసుకుని, సగం మాటకు ఏదో ఒక అర్థం చెబుతుంది. యాప్‌లో భాషను దానంతట అదే గుర్తించేలా వదిలేస్తే, నంబర్లు తప్ప ఏమీ లేని చోట అది ఒడియా అని యాప్‌కు తెలిసే దారి ఉండదు. అప్పుడు 44 కాస్తా 88 అవుతుంది. భాషను ఒడియా అని మీరే ఎంచుకోండి. అతికించిన బొమ్మను కాకుండా, అది చదివిన ఒడియా అక్షరాల జాబితాను తెరిచి చూడండి.

ఫోటో కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగి వస్తుంది, మూడు మిల్లీమీటర్ల అంకెలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. పటాన్ని బల్ల మీద చదునుగా పరిచి, నీడలో, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పైనుంచి తీయాలి. మొత్తం షీటు ఒక్క ఫోటోలో కాకుండా నాలుగు ముక్కలుగా, ఒకదాని అంచు మరోదానిలోకి వచ్చేలా తీస్తే అంకెలు స్పష్టంగా ఉంటాయి. స్కేలు గీత, ఉత్తరం బాణం ఉన్న మూలను మాత్రం ఎప్పుడూ వదలకండి. అమ్మేవాళ్లు పంపే ఫోటోలో తరచూ లేనిది ఆ మూలే.

భూలేఖ్: నా ఓటు దీనికే

ఫోటోను అనువదించాలన్న ఆలోచనే కాసేపు పక్కన పెట్టండి. పటం మీద ఉన్న సమాచారం చాలావరకు ప్రభుత్వ రికార్డులో అచ్చు అక్షరాల్లో ఉంది. ఫోటోలోంచి మీకు కావాల్సినవి నాలుగే: మౌజా పేరు, థానా నంబరు, షీటు నంబరు, ప్లాట్ నంబరు. థానా నంబరు అంటే పోలీస్ స్టేషన్ ఫోన్ నంబరు కాదు. ఆ పోలీస్ స్టేషన్ పరిధిలో ఆ గ్రామానికి ఇచ్చిన వరుస సంఖ్య. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉన్నప్పుడు ఏది ఏదో తేల్చేది ఇదే.

ఇవి చేతిలో ఉంటే bhulekh.ori.nic.in తెరిచి జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుని ప్లాట్ నంబరుతో వెతకవచ్చు. వచ్చే పట్టాలో మొదటి పేజీలో రైతు పేరు, తండ్రి పేరు, కులం, నివాసం, భూమి మీద హక్కు ఎలాంటిదన్నది ఉంటాయి. రెండో పేజీలో ప్లాట్లు, కిసమ్, నాలుగు హద్దులు, విస్తీర్ణం. హక్కు దగ్గర 'స్థితిబాన్' అని ఉంటే సాధారణంగా సొంత హక్కున్న రైతు. ఖాతా పేరు దగ్గర రక్షిత, సర్బసాధారణ, ఆబాద యోగ్య అనాబాది లాంటివి కనిపిస్తే అది ప్రభుత్వ భూమి, బేరం అక్కడితో ఆపొచ్చు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. పేజీలోని ఒడియా అక్షరాలు కాపీ అయితే వాటిని అర్థంలోకి కాకుండా తెలుగు లిపిలోకి మార్చుకోండి. అక్షరముఖ లాంటి లిపి మార్పిడి సైట్లు ఆ పని చేస్తాయి. లిపి మారగానే సగం మాటలు మనవే అని తెలుస్తుంది: గ్రామ్య జంగల్, శ్మశాన, నాళ, తోటా, పతిత. ఒడియాలో 'వ' ఉండాల్సిన చోట తరచూ 'బ' ఉంటుంది. సర్బసాధారణను సర్వసాధారణ అని, దేబస్థళిని దేవస్థలి అని చదువుకుంటే సరి. మిగిలిన సగం, అంటే పైన చెప్పిన శారద, గోచర లాంటివి మాత్రం రెవెన్యూ అర్థంతోనే తీసుకోవాలి. నేరుగా అర్థంలోకి అనువదించే బ్రౌజర్ బటన్ కంటే లిపి మార్పిడి ఎందుకు మెరుగంటే, అది తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచుతుంది. తప్పు అర్థం ఇచ్చి మనల్ని నిద్రపుచ్చదు.

కులం గడి మీద కూడా కళ్లు పెట్టండి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు, గజపతిలో కొంత భాగం కూడా. అక్కడ 1956 నాటి రెగ్యులేషన్ వల్ల గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. ఈ విషయం పటం మీద ఎక్కడా రాసి ఉండదు.

ఒక ఫోటోను మొదటి నుంచి చివరి దాకా

కాశీనగరం వైపు ఒక గుంట ఇంటి స్థలం అమ్మకానికి ఉందని ఫోటో వచ్చిందనుకుందాం. పెన్ను గుండ్రం లోపల 88లా కనిపించే నంబరు ఉంది, పక్కన చేతిరాతతో 'సాబిక్' అన్న మాట, ఇంగ్లీషులో 0.040 అన్న అంకె.

ముందు నంబరు తేల్చాలి. గ్రామ పటాల్లో నంబర్లు మామూలుగా వాయవ్య మూలలో మొదలై, పాములా మెలికలు తిరుగుతూ ఆగ్నేయం దాకా వరుసగా వెళతాయి. కాబట్టి చుట్టూ చూస్తే అనుమానం తీరిపోతుంది. పక్క ప్లాట్లు 43, 45 అయితే ఇది 44. నిజంగా 88 అయితే పక్కన 87, 89 ఉండాలి. ఈ పని యాప్ చేయదు, మీ కళ్లే చేయాలి. ఇందులో పెద్ద కష్టమూ లేదు.

తర్వాత 'సాబిక్'. అంటే పాత సెటిల్‌మెంటులో, అంటే పాత భూమి సర్వేలో, ఇచ్చిన నంబరు. ఇప్పటి సెటిల్‌మెంటు నంబరును 'హాల్' అంటారు. సాబిక్ 44 ఇప్పుడు హాల్ 61 అయి ఉండొచ్చు, రెండు ముక్కలై కూడా ఉండొచ్చు. సాబిక్ నంబరుతో భూలేఖ్‌లో వెతికితే మామూలుగా ఏదో ఒక ప్లాట్ వస్తుంది. అదే ప్రమాదం, ఎందుకంటే అది వేరేవాళ్ల భూమి కావచ్చు. కాబట్టి హాల్ నంబరు ఏదో అమ్మేవాళ్లనే అడగాలి. తెలియదంటే అది రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులోనే తేలుతుంది.

ఇక 0.040. దీన్ని 40 సెంట్లనుకునేవాళ్లు ఉన్నారు. ఇది ఎకరంలో వెయ్యో వంతుల లెక్క, అంటే ఎకరంలో నూటికి నాలుగు. ఒడిశాలో ఎకరంలో నూరో వంతును డెసిమల్ అంటారు. మన సెంటు కూడా సరిగ్గా అంతే, 435.6 చదరపు అడుగులు. కాబట్టి 0.040 అంటే నాలుగు డెసిమళ్లు, నాలుగు సెంట్లు, 193.6 గజాలు. శ్రీకాకుళం మనిషికి ఇది ఇంటి లెక్కే.

చిక్కంతా గుంటతో. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణలో 40. ఒడిశా గుంట నాలుగు సెంట్లైతే, తెలంగాణ గుంట 121 గజాలు. ఇక్కడ ఒక గుంట, 0.040 రెండూ ఒకదానితో ఒకటి సరిపోయాయి కాబట్టి అమ్మేవాళ్ల మాట నిజమే. కానీ హైదరాబాద్‌లో ఉన్న బావగారికి గుంట అని మాత్రమే చెబితే ఆయన 121 గజాల ధర కడతారు. గుంట అన్న మాటను తెలుగులో గుంట అనే రాయకండి, పక్కన గజాలు వేయండి.

చివరికి హాల్ నంబరుతో భూలేఖ్ చూస్తే కిసమ్ దగ్గర 'శారద' అని వచ్చిందనుకోండి. అంటే ఇది ఇంటి స్థలం కాదు, వరి పొలం. ఇల్లు కట్టాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద మార్పిడి చేయించుకోవాలి. బేరం మానేయాలని కాదు. ధర మాత్రం పొలం ధర దగ్గర మొదలవ్వాలి.

చదివిపెట్టే మనిషి, అమీన్

ఒడియా మీడియంలో చదువుకున్న మేనల్లుడు అక్షరాలను తడుముకోకుండా చదువుతాడు. చేతిరాతకు, చిరిగిన మడతకు యాప్ కంటే ఎన్నో రెట్లు నయం. సాబిక్, కిసమ్ లాంటివి మాత్రం వాడికీ కొత్తే. అందుకే వాడిని అర్థం అడగొద్దు, ఉన్నది ఉన్నట్టు చదవమనండి. మీరు తెలుగు లిపిలో రాసుకోండి. పటం ప్రింట్ మీద ప్రతి మాట పక్కన చిన్న నంబరు వేసి, విడిగా ఒక కాగితం మీద ఆ నంబరు, చదివిన మాట, దాని అర్థం, ఆ అర్థం ఎవరు చెప్పారు అని నాలుగు గళ్లు పెట్టుకుంటే పటం శుభ్రంగా ఉంటుంది, ఏ అర్థం ఊహో ఏది రూఢో తెలుస్తుంది. ఊళ్లో వాళ్లు పలికేటప్పుడు 'గొచొరొ' అంటారు. రాతలో అదే గోచర.

అమీన్‌ను ఎప్పుడు పిలవాలి? అడ్వాన్సు ఇచ్చే ముందు. అంతకన్నా ముందు పిలిస్తే ఖర్చు, తర్వాత పిలిస్తే టెన్షన్. గొలుసు పట్టుకుని నేల మీద నిలబడే మనిషి చెప్పేది మిగతా మూడు దారులూ చెప్పలేవు. పటంలో ఉన్న దారి ఇప్పుడు ఉందా, మూడు ఊళ్లు కలిసేచోట పాతే రాయి కదిలిందా, పక్కవాళ్ల గోడ ఎంత లోపలికి వచ్చింది లాంటివి. అమీన్ దగ్గరికి ఫోటోతో వెళ్లకండి. తహసీల్ ఆఫీసులో పటానికి సర్టిఫైడ్ నకలు తీసుకుని వెళ్లండి. ఫోన్ ఫోటోలో కొలతలు సాగిపోతాయి, దాని మీద స్కేలు పెట్టి కొలిచేదేదీ నిలవదు.

ఇంటి ప్లాన్ అయితే కథ వేరు

పటం కాకుండా కట్టిన ఇంటి ప్లాన్ ఫోటో వస్తే ఇంత గొడవ ఉండదు. ఇంజనీర్లు గీసే ప్లాన్లలో పొడి అక్షరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి: తలుపుకు డి, కిటికీకి డబ్ల్యూ, వెంటిలేటర్‌కు వి. డి1, డి2 అన్నవి ఎంత వెడల్పో ఊహించనక్కర్లేదు, అదే షీటులో ఒక మూల తలుపులు, కిటికీల పట్టిక ఉంటుంది. ఫోటోలో ఆ మూల లేకపోతే అడిగి తెప్పించుకోండి. ఓటీఎస్ అని ఉన్నచోట గది ఉందనుకోవద్దు. అది పైకప్పు లేని ఖాళీ, గాలీ వెలుతురూ రావడానికి వదిలింది. ఇక్కడ కెమెరా యాప్ కూడా అక్కర్లేదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

తాతగారి భూమి ఎక్కడుందో తెలుసుకోవాలన్న కుతూహలం మాత్రమే ఉన్నవాళ్లకు కెమెరా యాప్, ఆపైన ఒడియా చదివే మనిషి చాలు. వాళ్ల దగ్గర ఉన్నది తరచూ సాబిక్ నంబరే కాబట్టి భూలేఖ్‌లో వచ్చిన పేరు చూసి కంగారు పడొద్దు.

కొనబోయేవాళ్లకు భూలేఖ్ తప్పదు, డబ్బు చేతులు మారే ముందు అమీన్ తప్పదు. యాప్‌ను శీర్షిక చదవడానికి వాడుకుని అక్కడ ఆపేయండి. దూరాన ఉండి కొనేవాళ్లు అమ్మేవాళ్ల తరఫు మనిషితో పటం చదివించుకోకూడదు. మనిషి మంచివాడే కావచ్చు, కానీ చదవకుండా వదిలేసే మాట ఏదో మనకు తెలియదు.

ఇప్పటికే కొనేసి, ఒక ప్లాట్‌లోంచి ముక్క విడగొట్టుకున్నవాళ్లకు ఇంకో సంగతి. అలాంటి ముక్కకు 44/812 లాంటి బటా నంబరు ఇస్తారు. గీతకు ముందున్నది తల్లి ప్లాట్, తర్వాతది ఆ గ్రామంలో చివరి నంబరు తర్వాత వచ్చే కొత్త సంఖ్య. పాత పటం ఫోటోలో 812 కోసం ఎంత వెతికినా దొరకదు. 44నే పట్టుకుని, అందులో మీ వాటా ఏ వైపు ఉందో రికార్డులోని హద్దులు చూసి, తెలుగులో మీరే గీసుకోవాలి.